బోర్లా పెట్టిన ప్రింటు

"చేత్తో కూడా వేసి చూశాను మేడం, సాఫ్ట్‌వేర్ ప్రింటులోని పన్నుతో సరిపోయింది," అంది ఆఫీసులో చేరిన కొత్తమ్మాయి.

ఆ లెక్క కాగితం చూడగానే ఆడిటరమ్మ భగ్గుమంది. మొదటి వరుసలోనే సాఫ్ట్‌వేర్ తేల్చిన ఆదాయమే ఎత్తి రాసి ఉంది.

"దాని అంకె మీదే పన్ను వేస్తే సరిపోక చస్తుందా? దొంగనే సాక్ష్యం అడుగుతావా?"

ప్రింటు బోర్లా పెట్టి, క్లయింటు జీతం కాగితం, బ్యాంకు కాగితం ముందుకు తోసింది. కొత్తమ్మాయి ఉక్రోషంగా మొదటినుంచీ వేసింది. ఈసారి పన్ను తగ్గింది. వెతికితే, సాఫ్ట్‌వేర్‌లోకి దానంతటదే వచ్చి చేరిన బ్యాంకు వడ్డీనే ఎవరో చేత్తో మళ్ళీ ఎక్కించారు.

"ఏ బుద్ధిలేనివాళ్ళు ఎక్కించారిది?" మండిపడింది ఆడిటరమ్మ.

కొత్తమ్మాయి పళ్ళు బిగబట్టి ప్రింటు తిరగేసింది. 'ఎక్కించినవారు' అన్నచోట పొడి సంతకం ఆడిటరమ్మదే.