సున్నా వడ్డీ ల్యాప్‌టాప్

చెల్లప్పకు వడ్డీ అంటే ఒళ్ళు మంట. వడ్డీకి అప్పు తీసుకున్నవాడు మనిషే కాదని, ఇచ్చినవాడు అసలే కాదని ఆయన నమ్మకం. కోయంబత్తూరులో తాతల కాలం నుంచీ తెలుగువాళ్ళున్న ఆ కాలనీ మొదట్లోనే ఆయన మళిగై కడ. ఆ కిరాణా కొట్లో కూర్చుని పప్పు తూచే ప్రతిసారీ ఆ నమ్మకాన్ని నాలుగు మాటల్లో పంచిపెడతాడు, అది మాత్రం ఉచితం. ఆడవాళ్ళ సంఘం నడిపే వీరమ్మాళ్‌కు "రెండు వడ్డీ వీరమ్మాళ్" అని పేరు పెట్టింది ఆయనే. సంఘంలో అప్పు తీసుకుంటే నెలకు నూటికి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలకు చెల్లప్ప చేసిన ఎగతాళి ఇంతా అంతా కాదు. భార్య పరమేశ్వరి అదే సంఘంలో పొదుపు కడుతోందన్న సంగతి మాత్రం ఆయనకు గుర్తుండదు.

అలాంటి మనిషి ఆ శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి, చలవ చొక్కా తొడుక్కుని, కూతురు ఇందుజను బండెక్కించుకుని ఆర్.ఎస్. పురం బయల్దేరాడు. ఇందుజ బీకాంలో చేరింది. సోమవారం నుంచి ప్రాక్టికల్ క్లాసులకు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకోవాలని కాలేజీలో చెప్పేశారు. ఇంట్లో ఉన్నది పదిహేను వేలు. అయినా చెల్లప్ప మీసం కిందికి దిగలేదు. ఎందుకంటే అక్కడి షోరూమ్ బయట గోడంత బోర్డు మీద పెద్ద సున్నా వేసి, పక్కన వడ్డీ అని రాసి ఉంది. వడ్డీ లేని అప్పు! బయల్దేరే ముందే కాలనీలో కనపడిన వాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి మరీ వచ్చాడు.

లోపల చల్లగా ఉంది. వసంతకుమార్ అనే సేల్స్ కుర్రాడు ఎదురొచ్చి, కుర్చీ లాగి, చెల్లప్పను నాలుగుసార్లు సార్ అన్నాడు. తర్వాత బాదంపాలు వచ్చాయి. ఏం చెప్పమంటారు! ఇరవై ఏళ్ళుగా "ఏమన్నా, ఉప్పు ఉండాదా" అనే పిలుపు తప్ప వినని మనిషి. సార్ అన్న మాటకు సగం, బాదంపాలకు మిగతా సగం కరిగిపోయాడు. కొట్లో అర కిలో చక్కెరకు కూడా రెండుసార్లు కాటా చూసే ఆ కళ్ళు ఏసీ గాలికి మూతలు పడ్డాయి.

"వట్టియే ఇల్లై సార్," అన్నాడు వసంతకుమార్ తమిళంలో. వడ్డీ అన్నదే లేదట. ల్యాప్‌టాప్ యాభై రెండు వేలు. నెలకు అయిదువేల రెండొందలు, పది కంతులు. పదితో గుణిస్తే యాభై రెండు వేలే. ఒక్క రూపాయి ఎక్కువ లేదు.

"చూసినావా అమ్మణీ? లెక్క గాజు మాదిరి ఉండాది," అని చెల్లప్ప కూతురి వైపు తిరిగాడు.

ఇందుజ ల్యాప్‌టాప్ మూత తెరిచి, మీటల మీద వేళ్ళు ఆనించి చూసుకుంటోంది. దాని మీద ఆమెకు మనసు పడిపోయింది. ఇది లేకుండా సోమవారం క్లాసులోకి వెళ్ళడం తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది. అందుకే మొదట్లో ఆమె కూడా నోరెత్తలేదు.

ఆధార్ ఇచ్చారు, పాన్ ఇచ్చారు, పాస్‌బుక్ ఇచ్చారు. చెల్లప్పను గోడకు నిలబెట్టి ఫోటో తీశారు. అప్పు ఆయన పేరు మీదే. అప్పుడు వసంతకుమార్ గుక్క తిప్పుకోకుండా చెప్పిన నాలుగు ముక్కలు ఇవి. పది కంతుల్లో రెండు ఈరోజే కట్టాలి, అంటే పదివేల నాలుగొందలు. ప్రాసెసింగ్ ఫీజు పన్నుతో కలిపి పదకొండు వందల ఎనభై. ప్రొటెక్షన్ ప్లాన్ పదిహేను వందలు. మిగతా ఎనిమిది కంతులు నెలనెలా బ్యాంకు నుంచి వాటంతట అవే పోతాయి. ఫోనుకు ఓటీపీ వచ్చింది, అది చెబితే సంతకం పెట్టినట్టే.

చెల్లప్ప కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. ఆ కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉండటం ఆ కుటుంబం చేసుకున్న పుణ్యం. ఎందుకంటే ఆయన ప్యాంటు జేబులు తడుముకునేలోపు ఇందుజ ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"ఉండు నాయినా. ప్లాన్ మనకేంటికి?"

"అది లేకుంటే సిస్టమ్ ముందుకు పోదు మేడమ్," అన్నాడు వసంతకుమార్.

ఓటీపీతో పాటు ఒక కాగితం కూడా ఫోనులోకి వచ్చింది. అప్పు ముఖ్య వివరాలన్నీ ఒక్కచోట పెట్టి, సంతకానికి ముందే చూపించాలన్న నియమం ప్రకారం పంపేది. ఇందుజ దాన్ని తెరిచింది. వడ్డీ రేటు సున్నా అనే ఉంది, అబద్ధం లేదు. కాస్త కిందికి జరిపితే, ఫీజులన్నీ కలిపి ఏడాదికి పడే అసలు రేటు అన్న గడిలో పద్దెనిమిది శాతం అని ఉంది.

"సున్నా అంటిరే, ఈ పద్దెనిమిది ఏంది అన్నా?" అని తమిళంలో అడిగింది.

వసంతకుమార్ తొంగి చూశాడు. పాపం, ఆ గడి వరకూ కిందికి వచ్చిన వాళ్ళను అతను ఇంతవరకూ చూడలేదు. "అది సిస్టమ్‌లో అలా వస్తుంది మేడమ్," అన్నాడు.

సిస్టమ్‌లో అలా వస్తుందట! వాన వచ్చినట్టు, జలుబు వచ్చినట్టు. ఇందుజకు అక్కడే ఒళ్ళు మండింది. చిన్నప్పటి నుంచీ కొట్లో బల్ల పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకున్న పిల్ల. రోజుకు పదిమంది నోట వినే ప్రశ్న ఒకటి ఆమె నాలుక మీద ఉండనే ఉంది.

"సరే, రొక్కంగా ఇస్తే ఎంత?"

వసంతకుమార్ బాదంపాల గ్లాసు వైపు చూశాడు. చెల్లప్ప కూతురి వైపు చూశాడు. ఇది అడగాలని తనకెందుకు తట్టలేదా అని ఆయన ముఖం కొంచెం వాడింది.

"క్యాష్ ఆఫర్ వేరే మేడమ్... నలభై ఎనిమిది."

ఇందుజ ఫోనులో కాలిక్యులేటర్ తెరిచింది. "నాయినా, ఇట్ల చూడు. వస్తువు అసలు ధర నలభై ఎనిమిది వేలు. ఈపొద్దు మన చేతినించి పోయేది అన్నీ కలిపి పదమూడువేల ఎనభై. అంటే వీళ్ళు మనకు నిజంగా ఇచ్చే అప్పు ముప్పై నాలుగువేల తొమ్మిదొందల ఇరవై. తిరిగి కట్టేది నలభై ఒక్కవేల ఆరొందలు."

"అంటే?"

"ఆరువేల ఆరొందల ఎనభై ఎక్కువ. అదీ ఎనిమిది నెలల్లోనే."

"అంటే ఎన్ని వడ్డీ, అది చెప్పు," అన్నాడు చెల్లప్ప. ఏడాదికి ఇంత శాతం అంటే ఆయన చెవికెక్కదు. నెలకు నూటికి ఎన్ని రూపాయలో చెప్పాలి.

ఇందుజ మూడు రూపాయలు వేసి చూసింది. ప్రతి నెలా మిగిలిన అప్పుకు నూటికి మూడు కలిపి, అయిదువేల రెండొందలు తీసేస్తూ పోయింది. చివరి కంతు మొత్తం కట్టకముందే అప్పు తీరేట్టుంది, అంటే రేటు ఇంకా ఎక్కువే. నాలుగు వేసింది. ఎనిమిదో నెలకు అప్పు తీరి, ఇంకా నూట ఇరవై మూడు రూపాయలు తామే ఎక్కువ కట్టినట్టు తేలింది.

"నాలుగు వడ్డీ దాటింది నాయినా."

చెల్లప్ప గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నాలుగు! రెండు వడ్డీకి ఊరంతా టముకు వేసిన మనిషి, నాలుగు వడ్డీకి చలవ చొక్కా వేసుకుని వచ్చి ఫోటో దిగాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడి, "రొంబ సంతోషం తంబీ," అని, ఏమీ కొనకుండా బయటికి నడిచాడు. ఇందుజ ల్యాప్‌టాప్ మూత మెల్లగా వేసింది. గెలిచాననిపించలేదు. తన లెక్క వల్లే అది చెయ్యి దాటిపోయింది గదా అనుకుంది.

కానీ ఇంట్లో పరమేశ్వరి ఒకే మాట అంది. "సంఘంలో అడుగుదామా?"

చెల్లప్ప వద్దనలేదు. ఆ సాయంత్రమే వీరమ్మాళ్ గడప ముందు చెప్పులు విడిచాడు. ఆమె ముసిముసిగా నవ్వింది.

"ఏం అన్నా, రెండు వడ్డీ వీరమ్మాళ్ ఇల్లు ఇదేనా అని ఎవురినన్నా అడిగి వచ్చినావా?"

పరమేశ్వరి పేరు మీద ముప్పై మూడు వేలు ఇచ్చారు. అసలు తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, ఎనిమిది నెలలకూ కలిపి మూడు వేల లోపే. ఆదివారం పొద్దున ఇందుజ రొక్కంతో వెళ్ళి, వసంతకుమార్ చేతే ల్యాప్‌టాప్ ప్యాక్ చేయించుకుని వచ్చింది. ఈసారి బాదంపాలు రాలేదు.

ఇక చెల్లప్పను పట్టేవాళ్ళు లేరు. ముందు రోజు చెవులు ఎర్రబడిన సంగతి ఆయన అప్పుడే మరిచిపోయాడు. కొట్టు తెరిచింది మొదలు, వచ్చినవాళ్ళందరికీ అదే కథ. ల్యాప్‌టాప్‌ను పప్పు డబ్బాల పక్కన బల్ల మీద పెట్టించి మరీ చెబుతున్నాడు.

"ఒకే వస్తువుకు రెండు ధరలు! రొక్కానికి ఒకటి, అప్పుకు ఒకటి. పైన బోర్డులో మాత్రం వడ్డీ లేదంట. ఎంత మోసం చూడండి! నా కూతురు కనిపెట్టకుంటే నాలుగు వడ్డీ నెత్తిన రుద్దేవాళ్ళు."

అందరూ "అయ్యో" అన్నారు. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే మూకాయి కూడా అంది. నెల మొదట్లో పాతిక కిలోల బియ్యం బస్తా ఖాతాకు తీసుకుని, మరుసటి నెల జీతం రాగానే కట్టేస్తుంది. పదేళ్ళుగా అదే వరస. ఆమె చేతిసంచి కింద పెట్టి, బస్తా వైపు చూసి, ఇందుజ వైపు చూసింది.

"అమ్మణీ, నా బియ్యానికి గూడా ఒకతూరి వేసి చెప్పు. రొక్కానికి పద్నాలుగొందలు, ఖాతాకు పదిహేనొందలు గదా."

చెల్లప్ప "అది వేరే మూకాయీ, మనలో మనకు వడ్డీ ఏంది" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది.

ఇందుజకు కాలిక్యులేటర్ అవసరం రాలేదు. తండ్రి ముఖం చూడాలంటే భయమేసింది. ఈ ల్యాప్‌టాప్‌కు సంఘంలో కట్టే కంతు వచ్చేది ఈ కొట్టు నుంచే, ఈ ఖాతాల నుంచే. కానీ నిన్న షోరూమ్‌లో తను అడిగిన ప్రశ్ననే మూకాయి అడుగుతోంది. వసంతకుమార్ తనకిచ్చిన దాటవేత జవాబును మూకాయికి ఇవ్వడానికి నోరు రాలేదు.

"ఏడు, అక్కా. ఏడు వడ్డీ దాటింది."

మూకాయి కోప్పడలేదు. "వీరమ్మాళ్‌ది రెండేనా?" అని అడిగి, సంచి తీసుకుని, బస్తా అక్కడే వదిలి వెళ్ళింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు కదిలారు. కాసేపటికి మూకాయి వీరమ్మాళ్ దగ్గరి నుంచి తిరిగొచ్చి పద్నాలుగొందలు బల్ల మీద పెట్టింది.

"రొక్కం ధర అన్నా," అంది.

చెల్లప్ప నోట్లు లెక్కపెట్టి గల్లాలో వేసుకున్నాడు. బస్తా స్వయంగా ఎత్తి ఆమె తోపుడుబండి మీద పెట్టాడు. కొట్టు ఖాళీ అయ్యాక చాలాసేపు కాటా తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే పిలిచాడు.

"ఇందుజా."

"ఏం నాయినా?"

"మళ్ళీ ఎవురన్నా వచ్చి అట్ల అడిగితే..."

"అడిగితే ఏం చెప్పాల?"

ఆయన బయట వీధి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"సిస్టమ్‌లో అట్ల వస్తాదని చెప్పు."