మూడో మైకు ముందు కుర్చీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు సగంమంది గదిలో, సగంమంది తెర మీద కూర్చునే మీటింగు పెట్టి చూడలేదు కాబట్టి అంతటితో ఆపారు. మా శిక్షణ సంస్థలో ఆ పని నాది. అందరికీ లింకు పంపేదీ నేనే, మైకులు అమర్చేదీ నేనే, ఏదన్నా చెడితే మాటలు పడేదీ నేనే.

ఆ మంగళవారం మీటింగు మా మామయ్య గురించి. అమ్మకు సొంత తమ్ముడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇక్కడే మోటారు వైండింగ్ నేర్పుతున్నాడు. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. నిరుడు కేన్సరని స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు చిన్న టార్చిలైటంత పరికరాన్ని మెడకు ఆనించి, మీట నొక్కి మాట్లాడతాడు. హెచ్చుతగ్గులు లేకుండా జుమ్మంటూ వస్తుంది మాట. సెలవులో ఉండగా ఓసారి క్లాసుకు వస్తే పిల్లలు తుమ్మెద మాస్టారని పేరు పెట్టారు. పేరు పెట్టారంటే వినపడుతున్నట్టేగా అని ఆయన మురిసిపోయాడు.

ఆయన్ని మళ్లీ క్లాసులోకి పంపాలా, స్టోర్ రూములో కూర్చోబెట్టాలా అన్నది ఆ రోజు తేలాలి. కమిటీలో ఐదుగురు. ప్రిన్సిపాల్ గారు, డాక్టరు గారు గదిలో ఉంటారు. అధ్యక్షురాలు, ఇంకో ఇద్దరు సభ్యులు వేరే ఊళ్ల నుంచి లింకులో వస్తారు. తేల్చేది ఆ ముగ్గురే అని లెక్కలు రానివాళ్లకు కూడా తెలుస్తుంది.

అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాను. లింకు ముందురోజే పంపి, ముగ్గురికీ ఫోన్ చేసి తెరిపించి చూశాను. గదిలో బల్లలు గుర్రపు నాడా ఆకారంలో వేయించి, తెరిచి ఉన్న వైపు గోడకు పెద్ద తెర, దాని మీద కెమెరా పెట్టాను. అందరూ ఒకే వైపు వరసగా కూర్చుంటే దూరంగా ఉన్నవాళ్లకు చెవులు తప్ప మొహాలు కనపడవు. బల్ల మీద మూడు మైకులు. మూడో మైకుకు మూరెడు దూరంలో, కెమెరాకు ఎదురుగా, వెలుతురు మొహాన పడేచోట మామయ్యకు కుర్చీ. ప్రిన్సిపాల్ గారి లాప్‌టాప్‌లో లింకు మూయించేశాను, ఒకే గదిలో రెండు పరికరాలు మాట్లాడితే ఊళలు మొదలవుతాయి. ఏసీ రొద మరీ ఎక్కువగా ఉందని రొద తగ్గించే అమరికను పూర్తిగా పైకి పెట్టాను. ఒక్కో కుర్చీలో కూర్చుని ‘వినపడుతోందా’ అని అడిగాను. పక్క గదిలో లింకు తెరిపించి కూర్చోబెట్టిన మా ఆఫీసు గుమాస్తా, గంట కొట్టినట్టుంది అన్నాడు. మామయ్య కుర్చీలో రెండుసార్లు అడిగాను.

మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పది నిమిషాల ముందే వచ్చాడు. ఆయనతో కూడా ఒకమాట చెప్పించి చూద్దామనుకుంటూ ఉండగానే ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకు పిలిచారు.

“చూడమ్మా, నువ్వు ఆయన మేనకోడలివి. ఇది రహస్యంగా జరగాల్సిన మీటింగు. రికార్డింగ్ పెట్టేసి బయట ఉండు.”

న్యాయమైన మాటే. కానీ నా ముక్కు మీద ఎప్పుడూ ఉండే కోపం ఆ క్షణంలో నెత్తికెక్కింది. పొద్దున్నుంచీ చాకిరీ చేయించుకుని కూరలో కరివేపాకులా తీసి పారేశారని మండింది. నేను గదిలో ఉంటే పెద్ద తెరను నడిపే గది లాప్‌టాప్ మీద ఒక కన్నేసి ఉంచుతాను, అవతలివాళ్లు రాసే సందేశాలు అందులోనే కనపడతాయి, పెద్ద తెర మీద మొహాలు మాత్రమే వస్తాయి. నా బదులు ఎవరన్నా అది చూస్తుండాలని చెప్పాలి. చెప్పలేదు. తలుపు కాస్త గట్టిగానే వేసి వచ్చేశాను.

నడవాలో నిలబడితే గోడలోంచి తుమ్మెద మోత వినపడుతూనే ఉంది. నాలుగు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాడు. బయటికొచ్చాక ఆయన కళ్లు మెరుస్తున్నాయి. డాక్టరు గారు భుజం తట్టారట. తెర మీద ముగ్గురూ చివరిదాకా తలలూపుతూనే ఉన్నారట, అధ్యక్షురాలు చేతులు జోడించి ‘చాలా సంతోషమండీ, మాకు అర్థమైంది’ అన్నారట.

తీర్పులు విడివిడిగా రాసి పంపారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఇద్దరు సరేనన్నారు, ముగ్గురు వద్దన్నారు. బోధనకు తగినంతగా మాట అర్థం కావడం లేదు కనుక స్టోర్ రూముకు మార్చడమైనది. ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి సంతకం పెట్టారు. విని కూడా అలా అన్నారంటే రాతిగుండెలని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

మామయ్య మర్నాడే స్వచ్ఛంద విరమణ కాగితం ఇచ్చేశాడు. అత్తయ్య ఏడ్చింది, నేను పోట్లాడాను. “నా మాట విన్నాకే వద్దన్నారు. ఇంకేం మిగిలింది?” అన్నాడు. రెండు వారాల్లో ఆమోదించి పంపేశారు, ఆ క్లాసులోకి కొత్త మాస్టారు కూడా వచ్చేశాడు.

నెల తిరిగాక ఫైలులో పెట్టడానికి గుమాస్తా రికార్డింగ్ అడిగాడు. ఇచ్చేముందు తెరిచి చూశాను. ప్రిన్సిపాల్ గారి గొంతు గంటలా ఉంది. డాక్టరు గారిదీ అంతే. తర్వాత మామయ్య పరికరం మెడకు ఆనించాడు, పెదాలు కదిలాయి. శబ్దం లేదు. నాలుగు నిమిషాలూ లేదు. ఎక్కడో ఒక్క ముక్క తుంపరలా పడి మాయమైంది, అంతే. ఏసీ మోత లేదు, మామయ్య లేడు. ఆగకుండా ఒకే స్థాయిలో వచ్చేదంతా ఆ అమరికకు రొదే. నేను చేతికిచ్చిన చీపురుతో రెండింటినీ కలిపి ఊడ్చేసింది.

పక్కనే సందేశాలు కూడా ఉన్నాయి. అధ్యక్షురాలు రాశారు: ‘మాకు ఏమీ వినపడటం లేదు. ఆయన మాట ఇంతేనా?’ గదిలో ఎవరూ చూడలేదు, జవాబు లేదు. నిమిషం తర్వాత ఒక సభ్యుడు రాశాడు: ‘గొంతు తీసేశారు కదా, పాపం. మధ్యలో ఆపి ఇబ్బంది పెట్టొద్దు. తల ఊపుదాం.’

ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన అక్కడికక్కడే అధ్యక్షురాలికి ఫోన్ చేశారు. ఆవిడ విని ఏడ్చేశారట. కానీ విరమణ కాగితం మామయ్య స్వయంగా ఇచ్చిందే, ఆమోదించిందే, వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం చేస్తాం.

ఆ ఆదివారం లాప్‌టాప్ తీసుకుని మామయ్య ఇంటికి వెళ్లాను. తప్పు నాదని ముందే చెప్పాను, రొద అమరికా, సందేశాలు చూడమని చెప్పకపోవడమూ, రెండు తప్పులూ చెప్పాను. ఆయన రికార్డింగ్ పెట్టమని సైగ చేశాడు. నాలుగు నిమిషాలూ కళ్లార్పకుండా చూశాడు. తెర మీద ఆయన ఒక చేత్తో వైరు చుట్టినట్టు చూపిస్తున్నాడు, ముగ్గురూ దయగా తలలూపుతున్నారు.

అయిపోయాక పరికరం మెడకు ఆనించాడు.

“అక్కడ బాగా చెప్పానే. ఒక పిల్లాడికి చుట్టు తప్పు పడితే మోటారు మోతను బట్టే పట్టేస్తానని చెప్పాను.”

“తెలుసు మామయ్యా.”

“ముందు పరీక్ష చేసి చూశావన్నావు. ఎవరి గొంతుతో?”

అబద్ధమాడదామని కూడా తోచలేదు. “నా గొంతుతో” అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పరికరాన్ని బల్ల మీద పెట్టి, మీట మీద ఉన్న వేలు తీసేశాడు. లోపలి నుంచి అత్తయ్య, అన్నం పెట్టేయనా అని అడిగింది. ఆయన పరికరాన్ని మళ్లీ తీసుకోలేదు. తెర మీది ఆ ముగ్గురిలాగే తల ఊపాడు. లోపల ఉన్న మనిషికి అది కనపడదు కనుక అత్తయ్య ఇంకోసారి అడిగింది, ఈసారి నేనే జవాబు చెప్పాను.