నలభై ఏడు సెకన్ల మౌనం

వెంకటలక్ష్మిని ఉద్యోగంలో ఉంచాలా, పంపాలా అన్నది ఐదు కాల్స్ చెబుతాయని మా కంపెనీ నమ్మకం. ఆ నెలలో ఆమె మాట్లాడినవి ఐదువందల ఇరవై. మిగతా ఐదువందల పదిహేను ఏమయ్యాయని అడిగేంత చదువు నాకు లేదు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి.

పటాన్‌చెరులో పంపుసెట్లు చేసే కంపెనీ మాది. కింద షెడ్డులో మోటార్లు తయారవుతాయి, పై అంతస్తులో వాటి మీద వచ్చే తిట్లు వింటారు. ఇరవై రెండేళ్లు నేను కింద వైండింగ్ చుట్టాను. వేళ్లు మొద్దుబారాక పైకి పంపి, మెడలో టెక్నికల్ సపోర్ట్ అని బిళ్ల వేశారు. ఫోన్లు ఎత్తే పిల్లలకు మోటార్ సంగతి అర్థం కాకపోతే నన్నడుగుతారు. వెంకటలక్ష్మి మాత్రం నన్ను తక్కువ అడిగేది. హత్నూర పక్క ఊరి మనిషి. బోరు మోటార్లతో వేగిన ఇల్లు వాళ్లది.

ఆమె క్వాలిటీ మార్కులు వరుసగా రెండు నెలలు ఎనభై ఐదు దాటలేదు. మూడో నెల డెబ్బై ఒకటి. మూడు నెలలు వరుసగా తగ్గితే పంపేయడమే. కస్టమర్ల సంతృప్తి ఇంకా ఘోరం. కాల్ అయ్యాక ఒకటి నుంచి ఐదు దాకా నొక్కమని ఫోన్‌లో గొంతు చెబుతుంది కదా, ఆమె రైతులు అక్కడిదాకా ఆగరు. పని అయిపోతే పెట్టేస్తారు. నొక్కినవాళ్లు పదకొండు మంది. అందులో ఐదుగురు వారంటీ లేదన్నందుకు కోపంతో ఒకటి నొక్కినవాళ్లు. వారంటీ కాలం ఆమె నిర్ణయించలేదు, అయినా మార్కు ఆమెదే.

ఆ ఐదు కాల్స్‌లో ఒకదాని ఆడిట్ మీద, అంటే విని వేసిన మార్కుల మీద, ఆమె అప్పీలు పెట్టుకుంది. అప్పీలు వస్తే ఒకే కాల్‌ను ముగ్గురు విడివిడిగా విని మార్కులు వేయాలని రూలు. ఆ పద్ధతిని కాలిబ్రేషన్ అంటారు. తేడా ఐదుకు మించితే ఆ ఆడిట్ చెల్లదు. ముగ్గురిలో ఒకడు టెక్నికల్ మనిషి అయి ఉండాలట. అలా నాకు కుర్చీ దొరికింది.

క్వాలిటీ చూసే సుధీర్, ఆ ఆడిట్ చేసినవాడే, కంప్యూటర్ తెరిచాడు. వాళ్ల నాన్న భెల్‌లో ఉద్యోగానికని గుంటూరు నుంచి వచ్చినాయన, కొడుకు ఇక్కడే పుట్టినా మాట మాత్రం గుంటూరుదే. ఎదురుగా టీమ్ లీడర్ నిషిత. చివర్లో వెంకటలక్ష్మి, చేతులు బల్ల కింద పెట్టుకుని.

కాల్ మొదలైంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి రైతు, పేరు దశరథ్.

"మోటార్ తిరుగుతలేదు. గుర్రుమంటుంది అంతే."

"కాకా, ఫోన్ జెర మోటార్ దగ్గర పెట్టు. స్టార్టర్ ఒక్కసారి వేసి బంద్ చెయ్," అని వెంకటలక్ష్మి గొంతు.

తర్వాత ఆమె మాట్లాడలేదు. నడిచిన చప్పుడు, గడ్డి చప్పుడు, చివర్లో మోటార్ గుర్రు, మళ్లీ నడక. నాకు చాలు. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. అలాగే నడిపిస్తే వైండింగ్ కాలిపోతుంది. ఆమె కూడా అదే చెప్పింది.

"ఒక ఫేజ్ లేదు కాకా. మళ్ల స్టార్ట్ చెయ్యకు, మోటార్ కాలుతది. ఫ్యూజు నువ్వు ముట్టకు, లైన్‌మన్‌ను పిలువు."

"సరె," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాడు.

"నలభై ఏడు సెకన్ల మౌనం," అన్నాడు సుధీర్. "ఇరవై దాటితే మార్కులు కట్. వింటున్నానని చెప్పలేదు. సీరియల్ నంబర్ అడగలేదు. సార్ అనకుండా కాకా అంది. ఇంకేమైనా సాయం కావాలా అని అడగలేదు. యాభై ఎనిమిది వేశానండి నేను."

"ఆయన పెట్టేసిండు గద సార్, ఎట్ల అడుగుత?" అంది వెంకటలక్ష్మి.

నిషిత ఎనభై వేసింది. "ఫోన్ దగ్గర పెట్టుమన్నంక, నేను లైన్ల ఉన్న, వింటున్న అని ఒక్క మాట చెప్పాలె లక్ష్మక్క. అది నీ తప్పే. సీరియల్ నంబర్ గూడ. కానీ సమస్య పట్టుకున్నవ్. దానికి మార్కులేసిన."

ఎనభైకీ యాభై ఎనిమిదికీ ఇరవై రెండు తేడా. ఇద్దరూ నావైపు చూశారు.

"ముందుగాల ఆ రైతును అడుగుదాం," అన్నాను. బాగా చెప్పిందంటే ఈ తంటా అక్కడే తెగిపోతుందని ఆశ. నిషిత స్పీకర్ పెట్టి డయల్ చేసి, ఆ రోజు మేడం బాగా చెప్పిందా అని అడిగింది.

"ఏ మేడం?" అన్నాడు దశరథ్. "ఎవరు మాట్లాడిన్రో నాకేం యాది. మోటార్ నడుస్తుంది. ఇప్పుడే కరెంట్ వచ్చింది, మడి కాడికి పోవాలె. పెట్టేయుండ్రి."

పెట్టేశాడు. వెంకటలక్ష్మి మొహం చిన్నబోయింది.

"చూశారుగా," అన్నాడు సుధీర్, "కస్టమర్‌కి గుర్తు కూడా లేదు."

"మోటార్ నడుస్తుంది అన్నడు," అన్నాను. "మనం అమ్మేది మోటారే గద."

నిషిత తన దగ్గరున్న కాగితం తిప్పింది. వారంలోపు అదే ఫిర్యాదుతో మళ్లీ చేసినవాళ్ల లెక్క. మొత్తం హాలుకు నూటికి పద్దెనిమిది, వెంకటలక్ష్మికి ఆరు. "ఇది గూడ నంబరే సార్. దీన్నెందుకు ముందర పెట్టుకోలే మనం?"

"అది షీట్‌లో లేదండి."

"మిగిలిన నాలుగు కాల్స్ మంచిగనే ఉన్నయా?" అనడిగాను నేను. మనిషి పక్షాన కూర్చున్నానని ఆమెను దేవతను చేయడం నాకు నచ్చదు.

వెంకటలక్ష్మే జవాబిచ్చింది. "ఒకటి నాదే తప్పన్నా. మెకానిక్ రేపు వస్తడని చెప్పి, మెకానిక్‌కు చేరే ఫిర్యాదు టికెట్ పెట్టుడు మర్సిపోయిన. పాపం ఆ రైతు రెండు రోజులు ఎదురు చూసిండు."

సుధీర్ ఆ మాట రాసుకోలేదు. నా కుర్చీ పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"లింగం గారూ, మీరు ఓ అరవై వేయండి. నిషితను కొంచెం దించుతాను. ఇంత తేడా వస్తే నా ఆడిటర్ స్కోరు పోతుంది. ఇప్పటికే ఈ క్వార్టర్‌లో ఒకసారి ఎర్రగీత పడింది."

"నీకు గూడ మార్కులున్నయా?"

"ఎందుకుండవండీ."

"అయితే గీ కాల్‌తోని నువ్వు పనికిరానోడివని రాస్తరన్నట్టు."

"అదెలా అంటారండి?" గొంతు తగ్గించడం మరిచిపోయాడు. "ఒక్క కాల్ చూసి నన్నెలా తేలుస్తారు? నెలకు రెండువందల కాల్స్ వింటాను నేను."

కింద షెడ్డులో గ్రైండర్ ఆగి మళ్లీ మొదలైంది.

"నేను ఐదువందల ఇరవై మాట్లాడిన సార్," అంది వెంకటలక్ష్మి. దెప్పినట్టు లేదు. సాటివాడితో కష్టం చెప్పుకున్నట్టుంది.

సుధీర్ చెవులు ఎర్రబడ్డాయి. నేను వేయాల్సిన మార్కు గడిలో గీత గీసి, నాకు రాదు అని రాశాను. నిజంగానే నాకు రాదు. ఆ గుర్రుకు ఎన్ని మార్కులో చెప్పే చదువు ఎవరికైనా ఉందేమో తెలియదు.

చివరికి సుధీరే రూలు చదివాడు. తేడా ఐదు దాటింది కాబట్టి ఆడిట్ చెల్లదు. అది తీసేస్తే ఐదు కాల్స్‌కు నాలుగే మిగులుతాయి, ఆమెను పంపే కాగితం కూడా చెల్లదు. మనసు మారి కాదు, పేరా నాలుగు ప్రకారం. నిషిత ఊరుకోలేదు. వచ్చే నెల ఐదుకు బదులు పదిహేను కాల్స్ వినాలంది, మళ్లీ ఫోన్ చేసినవాళ్ల లెక్క పక్కన పెట్టాలంది, మౌనం గురించీ టికెట్ గురించీ వెంకటలక్ష్మి పక్కన తనే కూర్చుని నేర్పుతానంది. సుధీర్ ఒప్పుకుని, రిమార్క్స్ గడి తెరిచాడు. ఆ గడిని ఎవరూ ఎప్పుడూ నింపరు.

"ఏం రాయమంటారు ఆవిడ గురించి?"

"మోటార్ గుర్రు విని జబ్బు చెప్తది. చెప్పినంక టికెట్ పెట్టుడు మరుస్తది. రెండూ రాయి," అన్నాను.

టైపు చేశాడు. యాభై అక్షరాలకే గడి ఆగిపోయింది. రెండో వాక్యం లోపలికి పోలేదు. అతను మొదటిది చెరపకుండా, రెండోది కాగితం మీద చేత్తో రాసి నిషితకిచ్చాడు.

వెంకటలక్ష్మి హెడ్‌సెట్ పెట్టుకోవడానికి వెళ్లింది. హాల్లో బోర్డు మీద ఆమె పేరు ఎర్రగా ఉంది. మీటింగ్‌కు వచ్చేముందు కంప్యూటర్‌లో టీ విరామం అన్న స్టేటస్ మార్చలేదట, నలభై నిమిషాలు టీ తాగినట్టు పడింది. దాన్ని సరిచేయమని సుధీర్ హైదరాబాద్ ఆఫీసుకు కంప్యూటర్‌లో ఫారం నింపుతున్నాడు. కారణం ఒక్కటి ఎంచుకోవాలట: సిస్టమ్ పాడైంది, అనారోగ్యం, శిక్షణ, ఇతరములు. నేను కిందికి దిగేసరికి అతను ఇంకా ఎంచుకోలేదు.