సొహాగ్ జొన్నలు

సిత్తనా, ఆమె మరిది బాబికర్ కలిసి ఈజిప్టులో, ఫైసల్ రోడ్డు వెనక సందులో కొట్టు తెరిచారు. సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్తూమ్ నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల ఇళ్ళు అద్దెకు తీసుకున్న కుటుంబాలే వాళ్ళ బేరం. సిత్తనా భర్త బుష్రా ఓడరేవులో ఉద్యోగం వదల్లేక పోర్ట్ సూడాన్‌లోనే ఉండిపోయాడు. సరుకు పంపడం అతని వంతు.

ఏం పెట్టాలన్న దగ్గరే వదినా మరుదులకు పేచీ వచ్చింది. కొట్టు నిండుగా కనిపించాలని, బియ్యం, నూనె, సబ్బులు కూడా పెడదామని బాబికర్ అన్నాడు. అవి పక్క ఈజిప్టు కొట్టులో ఇంకా చవగ్గా దొరుకుతాయి, మన దగ్గరికెందుకు వస్తారని సిత్తనా ఒప్పుకోలేదు. చివరికి అక్కడ దొరకనివే పెట్టారు: ఎండబెట్టి దంచిన బెండకాయ పొడి, ఎండు మాంసం, వేరుశనగ ముద్ద, సాంబ్రాణి, తమ దేశపు గదారిఫ్ జొన్నపిండి.

అన్నీ కదిలాయి, జొన్నపిండి తప్ప. ఎండలు ముదిరేసరికి బస్తాల్లో పురుగు పడింది. ఎందుకు కొనడం లేదో బతూల్ హజ్జా చెప్పింది. ఆవిడ ఉమ్దుర్మాన్‌లో పెళ్ళిళ్ళకు కిస్రా, అంటే పులిసిన జొన్నపిండి రొట్టెలు, పోసిన మనిషి.

"అద్దె కొంపల్లో పిండి పులియబెడితే పైవాళ్ళు కంపంటారు. ఈ గ్యాసు పొయ్యి మీద పెద్ద పెనం ఎక్కడ పడుతుందమ్మాయ్? పిండి అమ్మకు, కిస్రా అమ్ము."

హజ్జా ఆ కొట్టున్న మేడ మీదే, పైకప్పు గదిలో ఉండేది. పెనం, పిండి పరిచే ఈతాకు ముక్క, తోడుకు పులిసిన పిండి ఆవిడవే, పిండికి బదులు తెప్పించిన జొన్నలు కొట్టువి. పూతరేకంత పల్చగా తీసిన కిస్రా మడతలు గురువారం సాయంత్రానికి కిందికి దిగేవి. బల్ల మీద 'మన ఊరి జొన్న' అని అట్ట ముక్క పెట్టారు. లారీ కిరాయి, సరిహద్దు ఖర్చులు కలిపితే ధర ఎక్కువే పడింది. అయినా శుక్రవారం భోజనానికని కొందరు కొనుక్కునేవారు. చాలామంది ఆడవాళ్ళు మాత్రం ధర అడిగి, పిల్లల చేయి పట్టుకుని వెళ్ళిపోయేవారు.

ఆ వేసవిలో సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి. జొన్నలు నిండుకున్నాయి. సిత్తనా ఊళ్ళోనే సాహెల్ పేటలోని ధాన్యపు టోకు కొట్లకు వెళ్ళి, ఈజిప్టులోనే సొహాగ్ నుంచి వచ్చిన తెల్ల జొన్నలు తెచ్చింది.

బాబికర్ గుప్పిట్లోకి తీసుకుని చూసి నవ్వాడు. "వదినా, ఇవి ఇక్కడివాళ్ళు పావురాలకు వేసే గింజలు."

హజ్జా వాటిని మరలో ఆడించి, ఒక పూట ఎక్కువ పులియబెట్టి పోసి చూసింది. రంగు తెలుపు, పులుపు కాస్త తక్కువ, కానీ చిరగలేదని చెప్పింది. అట్ట ముక్క తీయొద్దని, ధర కూడా పాతదే ఉంచుదామని బాబికర్ అన్నాడు. ఎవరూ కనిపెట్టరని వాదించాడు. సిత్తనా అట్ట తిప్పి, వెనక 'సొహాగ్ జొన్న' అని రాసి, ధర సగానికి దించింది.

మొదట వచ్చింది అవద్ మామ, అత్బరాలో రైలు నడిపి రిటైరైన మనిషి. ఒక మడత చివర తుంచి నోట్లో వేసుకున్నాడు.

"ఇది మనది కాదు."

"కాదు మామా. అందుకే ధర తగ్గించాను."

"ఊరి రుచి కోసమేగా నీ దగ్గరికొచ్చేది. చవక రొట్టెకైతే బేకరీ లేదూ?" అని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా వారాలు అటు రాలేదు.

ధర అడిగి వెళ్ళిపోయే ఆడవాళ్ళు మాత్రం ఆ వారం కొన్నారు. పై వారం మంగళవారం కూడా పోస్తారా అని అడిగారు. ఒక్కతే పోయలేక హజ్జా తోడికోడల్ని పిలిపించుకుంది. కిస్రా కొన్న చేత్తోనే బెండ పొడి కొనేవారు, అది లేకపోతే కిస్రా ముంచుకునే కూర కుదరదు కనక.

దారి తెరుచుకుని గదారిఫ్ జొన్నలు వచ్చాక సిత్తనా రెండు రకాల కిస్రా పక్కపక్కన పెట్టింది, దేని ధర దానికి. కబురందుకుని అవద్ మామ వచ్చి ఊరిదే కొన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అంతే. మిగతా జనమంతా సొహాగ్ వైపే చేయి చాపారు. ఊరి బస్తా అలాగే ఉండిపోవడం చూసి సిత్తనాకు మనసు చివుక్కుమంది.

ఆ సంగతి బుష్రాకు ఫోనులో చెప్పింది. ఈసారి జొన్న ఒక్క బస్తా చాలని, మిగతా చోటంతా బెండ పొడితో నింపమని అడిగింది. పొడి తేలిక, కిరాయి తక్కువ పడుతుంది. పైగా అంత జిగురొచ్చే పొడి ఇక్కడ దొరకదు.

బుష్రా అన్నాడు, "మన జొన్నలు ఎవరికీ వద్దన్నమాట."

"ఎందుకొద్దు? రోజూ కొనలేరంతే. ఇప్పుడు వారానికి రెండుసార్లు తింటున్నారు పిల్లలు. కిస్రా చిరక్కుండా కూరలో ముంచడం చేతనవుతోంది వాళ్ళకి."

పొడి ఎంత పంపమంటావని బుష్రా అడిగాడు. ఆమె చెప్పింది.