ఆఖరి పనిదినం నుంచి నలభై రోజులు

జూన్ నాలుగో తేదీ గురువారం ఉదయం పదిన్నరకల్లా మదనపల్లెలోని ఆ ఆడపిల్లల ప్రైవేటు స్కూలు వరండా ట్రంకు పెట్టెలతో, చుట్టిన పరుపులతో నిండిపోయింది. గవర్నమెంటు బడులు తెరవడానికి ఇంకా వారం పైనే ఉంది. ఈ స్కూలు మేనేజిమెంటుది మాత్రం వేరే పద్ధతి. ఏడాదిలో ఆఖరి పనిదినం ఏదైతే అది, అక్కడినుంచి నలభై రోజులు సెలవు. నలభై ఒకటో రోజు బడి.

ఆఫీసు గదిలో స్వర్ణలత హాస్టల్ రిజిస్టరు ముందేసుకుని, వచ్చిన పిల్లల పేర్ల దగ్గర ఎర్ర టిక్కులు పెడుతోంది. ఆమె ఆ స్కూల్లో గుమాస్తాగా చేరి రెండేళ్లు కావస్తోంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ నెలాఖరున కమిటీ ముందుకు ఫైలు వెళ్లాలి.

పదకొండు గంటలకు ఎనిమిదో తరగతి పేజీలో ఇరవై మూడు టిక్కులు పడ్డాయి. ఒక్క పేరు దగ్గర ఖాళీ. హరిత, తండ్రి వెంకటేశులు, కుప్పం దగ్గరి పల్లె.

ఆ ఖాళీ కోసమే ఒకాయన తెల్లవారినప్పటి నుంచి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పుంగనూరులో కిరాణా అంగడి ఉన్న గోవిందస్వామి. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆయన కూతురు మునిలక్ష్మిది. కూతురిని ట్రంకు పెట్టెతో సహా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల కొత్త చెప్పులు కాళ్లకు కరుస్తున్నట్టు మాటిమాటికీ పాదాలు మారుస్తోంది.

"ఏమ్మా, ఎనిమిదో క్లాసులో ఒకరు రాలేదంట కదా?" అన్నాడు.

"సాయంత్రం ఐదు దాకా టైముండాది సార్."

"ఉండనీ. నేనేం తొందరపెట్టేది లేదు. రూలు ప్రకారమే ఇయ్యండి."

రూలు సర్క్యులర్‌లోనే ఉంది. బడి తెరిచిన రోజు సాయంత్రం ఐదు లోపల రాని హాస్టల్ విద్యార్థినుల సీటు వెయిటింగ్ లిస్టులోని వారికి ఇవ్వబడును. హెడ్మిస్ట్రెస్ వసంతమ్మ ఆ మాట విషయంలో ఎవరికీ సడలింపు ఇచ్చే మనిషి కాదు. ముందుగా సెలవు చీటీ పంపితేనే వింటుంది.

స్వర్ణలతకు హరిత తల్లి బయ్యమ్మ గుర్తుకొచ్చింది. రెండేళ్ల కిందట ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చినప్పుడు ఆమె ఇదే బల్ల అంచు పట్టుకుని చెప్పింది: "మా పల్లెలో ఐదుతో ఆఖరమ్మా. పైబడికి పోవాలంటే ఏడు మైళ్లు నడవాల. ఈడ పెట్టుకోకపోతే దీని సదువు ఆగిపోతాది." అలాంటి మనుషులు పిల్లను పంపకుండా ఎందుకు ఉంటారు?

అనుమానం తీరక నిరుటి హాజరు పట్టీ తీసింది. ఏడో తరగతి, ఏప్రిల్ నెల. మిగతా తరగతుల పట్టీలన్నీ ఇరవై నాలుగున, శుక్రవారంతో ముగిశాయి. ఏడో తరగతి మాత్రం ఇరవై ఎనిమిది దాకా నడిచింది. కామన్ పరీక్షలో ఒక పేపరు వాయిదా పడి, మంగళవారం రాశారు. హరిత పేరు ఎదురుగా ఆ మంగళవారం గడిలోనూ హాజరు వేసి ఉంది.

స్వర్ణలత ఫైల్లోంచి సర్క్యులర్ కాపీ తీసి చూసింది.

సర్క్యులర్ స్టెన్సిల్ తనే కొట్టింది. ఏప్రిల్ ఇరవయ్యో తేదీకి ఆఖరి పనిదినం గురువారమా, శుక్రవారమా అన్నది కరస్పాండెంట్ తేల్చలేదు. అందుకని తేదీ వేయకుండా 'ఆఖరి పనిదినము నుండి నలుబది దినములు సెలవు, మరుసటి దినము పాఠశాల తెరవబడును' అని కొట్టి, వసంతమ్మ సంతకంతో కాపీలు తీయించింది. శుక్రవారం సాయంత్రం ప్రేయర్‌లో హెడ్మిస్ట్రెస్ జూన్ నాలుగు అని పిల్లలకు నోటితో చెప్పింది. మే మొదట్లో బోర్డు మీద కూడా రాయించారు. ఆ శుక్రవారం ఏడో తరగతి వాళ్లు వేరే బడిలో పరీక్ష రాస్తున్నారు. మంగళవారం వాళ్లు ఊళ్లకు బయలుదేరుతుంటే, మిగిలిన కాపీలు తలా ఒకటి చేతిలో పెట్టింది స్వర్ణలతే. తేదీ చేత్తో రాయాలని ఆమెకు తట్టనే లేదు.

వాయల్పాడు, బి.కొత్తకోట పిల్లలు మే నెలలో మార్కుల కోసం వచ్చి బోర్డు చూసుకుపోయారు. కుప్పం దూరం కాబట్టి హరిత మార్కులు పోస్టులో పంపారు.

కేలండరు మీద వేలు పెట్టి లెక్కేసింది. ఏప్రిల్‌లో మిగిలినవి రెండు, మే ముప్పై ఒకటి, జూన్‌లో ఏడు. హరితకు బడి ఎనిమిదో తేదీ, సోమవారం.

అప్లికేషన్‌లో హరిత వాళ్ల ఊళ్లో ఎవరిదో అంగడి ఫోను నంబరు ఉంది. వెంటనే ఎస్టీడీ కలిపింది. లైను దొరకడానికే గంట పట్టింది; మూడోసారికి గాని మోగలేదు.

"వెంకటేశులా? వాళ్లు ఈడ లేరమ్మా," అన్నాడు అవతలి మనిషి. "మామిడికాయ కోతలు కదా, తోటకాడనే ఉండారు. చీకటి పడితేగాని రారు."

"వాళ్ల పాపను ఐదు లోపల మదనపల్లెకు తీసుకురావాలప్పా. లేకుంటే సీటు పోతాది."

"ఇప్పుడు పన్నెండు దాటింది. తోటకు మనిషిని పంపి, వాళ్లు ఇంటికొచ్చి, కుప్పంలో బస్సు ఎక్కి... యాడయితాదమ్మా? పొద్దున్నే మొదటి బస్సుకు రమ్మని చెప్తాను. అయినా ఆ పాప సోమవారం పోవాల అని మొన్ననే చెప్పె."

సోమవారం. స్వర్ణలత ఫోను పెట్టేసింది.

హాస్టల్ ఆయా పాపక్క నీళ్ల చెంబుతో వచ్చి ఆమె ముఖం చూసింది. "ఏమైందమ్మా, అట్లుండావు?"

చెప్పకుండా ఉండలేకపోయింది. పాపక్క తలుపు కొంచెం దగ్గరకు వేసింది.

"దీనికెందుకింత దిగులు? పిల్లకు జొరం అని వాళ్ల నాయన రాసినట్టు ఒక చీటీ రాసేయి. రెండు దినాల ముందు టపాలో వచ్చిందని ఫైల్లో పెట్టు. పిల్ల సీటు నిలబడతాది, నీ ఉద్యోగమూ నిలబడతాది. ఎవురికి నష్టం?"

పాపక్క వెళ్లిపోయాక స్వర్ణలత తెల్ల కాగితం ఒకటి లాగింది. ఎడమ చేత్తో రాస్తే పల్లెటూరి రైతు రాతలా వంకరటింకరగా వస్తుంది. 'గౌరవనీయులైన హెడ్మిస్ట్రెస్ గారికి' దాకా రాసింది. తలుపు సందులోంచి వరండా కనిపిస్తోంది. గోవిందస్వామి కూతురికి అరటిపండు ఒలిచి ఇస్తున్నాడు. ఎవరికి నష్టమో అక్కడే కనిపిస్తోంది. ఈ చీటీ వల్ల ఆ మనిషిని, రూలు పేరు చెప్పి, అబద్ధంతో వెనక్కి పంపాలి. అంతేకాదు, రేపు వెంకటేశులును పక్కకు పిలిచి, మీ పాపకు జ్వరం వచ్చిందని చెప్పప్పా అని నేర్పించాలి. తన తప్పును ఆయన నోటితో మోయించాలి.

కాగితం చించి చెత్తబుట్టలో వేసింది. కానీ లేవలేదు. మూడయింది. మూడున్నరయింది. ఫైలు కమిటీకి వెళ్లడానికి నాలుగు వారాలు కూడా లేవు. చెప్పకపోతే ఏమవుతుంది? రేపు హరిత వస్తుంది, సీటు ఉండదు. సర్క్యులర్ చూపిస్తారో చూపించరో. చూపించినా ఆ పల్లెటూరి మనిషి మాట ఎవరు వింటారు? మీరే తప్పుగా లెక్కేశారని అంటే, నిజమేననుకుని పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోతాడు. ఎవరికీ తెలియదు.

ఆ ఆలోచనే ఆమెను కుర్చీలోంచి లేపింది.

నాలుగూ నలభైకి ఆమె హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లేసరికి, గోవిందస్వామి అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. వసంతమ్మ కలం మూత తీసి, ఎనిమిదో తరగతి పేజీ తెరిచి పెట్టుకుంది.

"వచ్చినావా? హరిత పేరు కొట్టేసి మునిలక్ష్మిది ఎక్కించు."

"కొట్టేయకూడదు మేడం."

వసంతమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "యాల?"

"హరితకు బడి ఈ పొద్దు కాదు మేడం. సోమవారం." హాజరు పట్టీ, మిగిలిన సర్క్యులర్ కాపీ బల్ల మీద పెట్టింది. "ఏడో తరగతికి ఆఖరి పనిదినం ఇరవై ఎనిమిది. మనమిచ్చిన కాగితంలో తేదీ లేదు. ఆఖరి పనిదినం నుంచి నలభై రోజులని మాత్రమే ఉండాది. వాళ్లు పిల్ల ఆఖరి రోజు నుంచి లెక్కేసుకున్నారు. తేదీ రాయకుండా ఇచ్చింది నేనే. తప్పు నాదే."

వసంతమ్మ పట్టీలో ఆ మంగళవారం గడి చూసింది. సర్క్యులర్ పైనుంచి కింద దాకా చదివింది. తన సంతకం దగ్గర ఆగింది. తర్వాత పెదవులు కదుపుతూ కేలండరు మీద లెక్కపెట్టింది.

"ఇది ఎప్పుడు తెలిసింది నీకు?"

"పదకొండింటికి."

"పదకొండింటికి తెలిస్తే ఇప్పుడా చెప్పేది?"

స్వర్ణలత తలవంచుకుంది.

గోవిందస్వామి లేచి నిలబడ్డాడు. "అంటే ఏమమ్మా? తెల్లారి నుంచి పిల్లను నిలబెట్టి, ఇప్పుడు సీటు లేదంటారా? రాని పిల్లకు సీటు, వచ్చిన పిల్లకు లేదా?"

"ఆ కాగితం మీరూ సదవండప్పా," అంది వసంతమ్మ, సర్క్యులర్ ఆయన వైపు జరిపి.

ఆయన చదివాడు. అంగడిలో లెక్కలు చేసే మనిషి, కేలండరు అక్కర్లేకుండా వేళ్ల కణుపుల మీదే తేల్చేశాడు. సోమవారమే వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ సోమవారమే. ముఖం ఎర్రబడింది గాని కాగితం విసిరికొట్టలేదు.

"నా బిడ్డకు ఇట్లా జరిగింటే నేనూ ఊరుకోను," అన్నాడు. స్వర్ణలత వైపు తిరిగి, "కానీ పొద్దున్నే చెప్పింటే మధ్యాన్నం బస్సుకే పోయింటిమి గదమ్మా," అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"హరిత పేరు సోమవారం ఐదు దాకా ఉంటాది," అంది వసంతమ్మ. "రాకపోతే మీకే కబురు పెడతాను. స్వర్ణలతా, నీ ఫైలు ఈసారి కమిటీకి పోదు. డిసెంబరులో సూస్తాము. ఏం జరిగిందో రాసి, సంతకం పెట్టి ఇయ్యి."

"సరే మేడం."

ఆమె ఆ రాతపని ముగించి బయటికొచ్చేసరికి గోవిందస్వామి ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని గేటు దాటుతున్నాడు. మునిలక్ష్మి చెప్పులు చేత పట్టుకుని ఒట్టికాళ్లతో వెనకే నడుస్తోంది. స్వర్ణలత పిలవాలనుకుంది. వాళ్లు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మరునాడు పదకొండు దాటాక వెంకటేశులు, హరిత పరుగున వచ్చారు. పుంగనూరులో బస్సు మారే దగ్గర ఆలస్యమైందట. ఆయన చొక్కా మీద మామిడి సొన మరకలు అలాగే ఉన్నాయి. జేబులోంచి నాలుగు మడతల సర్క్యులర్ తీసి బల్ల మీద పరిచాడు. దాని వెనక వరుసగా పెన్సిల్ గీతలు. పిల్ల రోజుకొకటి గీసుకుంటూ వచ్చింది.

"సీటు పోయిందంటనా మేడం?" ఆయన అడిగాడు. "సోమవారమని పాప చెప్తానే ఉండాది. మేమే లెక్క తప్పినామా?"

హరిత ఏడుపు ఆపుకుంటూ ఆ గీతల వైపే చూస్తోంది.

"లేదప్పా. మీ పాప లెక్కే సరిగ్గా ఉండాది," అంది స్వర్ణలత. "తప్పింది నేను. సీటు ఎక్కడికీ పోలేదు."

వెంకటేశులు అక్కడే నేలమీద కూలబడి, తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. స్వర్ణలత రిజిస్టరు తెరిచి, ఖాళీగా ఉన్న ఆ ఒక్క గడిలో టిక్కు పెట్టింది. తర్వాత వెయిటింగ్ లిస్టు తీసి, మునిలక్ష్మి పేరు పక్కన పుంగనూరు అంగడి ఫోను నంబరు స్పష్టంగా రాసుకుంది. ఏ తరగతిలో ఏ మంచం ఖాళీ అయినా మొదటి ఫోను అక్కడికే వెళ్లాలి.

ఆగస్టు దాకా అలాంటి ఖాళీ రాలేదు.