చివరి రెండు స్వరాలు

ఆ పాటకు మా రేడియో స్టేషన్లో నాకు చప్పట్లు కొట్టారు, కేకు కోయించారు. ఆ కేకు ముక్క ఇప్పటికీ గొంతుకడ్డం పడి ఉన్నట్టే ఉంటుంది నాకు.

పెళ్ళయి అప్పటికి ఏడు వారాలు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసి నవ్వుకునే రోజులు. అత్తయ్య ముందు మా ఆయన్ని "మీరు" అనేదాన్ని, గదిలోకి రాగానే "నువ్వు" అనేదాన్ని. ఒక్కోసారి తడబడి "మీరు రావోయ్" అని నాలుక కరుచుకుంటే, అత్తయ్య వినీ విననట్టు తల దించుకుని గుండీలు కుట్టుకునేది. మేమున్నది రెండు గదుల ఇల్లు. మనుషులం ముగ్గురమే.

మా ఆయన స్నానం చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తాడు. నీళ్ళ చప్పుడులో కలిసిపోయి సగమే వినిపిస్తుంది. ఆ సగం కూడా నాకు బాగుండేది. ఆ వయసులో ఏది బాగుండదు?

ఆ వారమే "తేనెపట్టు" మిఠాయి కొట్టు యజమాని మా స్టేషన్‌కొచ్చాడు. మా మేనేజరు నన్ను చూపించి, ప్రకటన పాట ఈ అమ్మాయే రాస్తుందన్నాడు.

"నాకు సంగీతం కచేరీ అక్కర్లేదమ్మా," అన్నాడు యజమాని. "ఒక్కసారి వింటే చాలు, మనిషి గడ్డం గీసుకుంటూ కూడా మా కొట్టు పేరు పాడుకోవాలి. అంతే."

అంతే అన్నంత తేలిక కాదు అది. ఇరవై సెకన్లలో కొట్టు పేరు కనీసం రెండుసార్లు రావాలి. పాట రానివాళ్ళ గొంతు కూడా అందుకునేలా స్వరాలు ఐదారు మెట్లు దాటకూడదు. మొదటి వరుసకు, రెండో వరుసకు ఒకటే బాణీ ఉండాలి. అప్పుడు రెండో వరుస వచ్చేసరికి వినేవాడికి అది పాత చుట్టంలా అనిపిస్తుంది. పేరు అన్నింటికన్నా పై స్వరంలో పడాలి. నాలుగు రోజులు కూర్చున్నాను. మాటలు కుదిరాయి కానీ బాణీ కుదరలేదు. కట్టిందల్లా జాతీయ గీతంలా నిటారుగా నిలబడింది.

ఐదో రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ సంతోషంలో పెదవుల మీదకి ఏదో వచ్చింది. నా మాటలు దాని మీద అచ్చం కుట్టించినట్టు కూర్చున్నాయి.

*ఒక్క ముక్క, ఇంకో ముక్క, తేనెపట్టు!*
*ఇంటికెళ్తూ పట్టుకెళ్ళు, తేనెపట్టు!*

ఎక్కడినుంచి వచ్చిందని నన్ను నేను అడగలేదు. నాకే వచ్చింది కాబట్టి నాదే అనుకున్నాను.

పాట తయారయ్యాక నాదొక పరీక్ష ఉంది. ఒకరికి ఒక్కసారే వినిపిస్తాను. తర్వాత పది నిమిషాలు వేరే కబుర్లలో పెడతాను. ఆ తర్వాత, ఇందాక పాడిందేమిటో ఒకసారి అనమంటాను. బాణీ వస్తే పాసు, రాకపోతే చెత్తబుట్ట. ఆ సాయంత్రం మా ఆయన మీదే పెట్టాను పరీక్ష. పాడాను. కూరగాయల గురించి, ఇంటివాళ్ళ పిల్లి గురించి మాట్లాడాను. అడిగాను.

తడుముకోకుండా అన్నాడు. అక్షరం పొల్లుపోలేదు. అంతటితో ఆగక, నేను ముగించిన చోటి నుంచి ఇంకో రెండు స్వరాలు కిందికి దింపి, మెల్లగా ఇంటికి చేర్చినట్టు ముగించాడు.

"అవెక్కడివి? నేను పెట్టలేదే!"

"ఏమో, అలాగే వచ్చింది. ఎక్కడో విన్నట్టుందోయ్ ఇది."

"మంచి జింగిల్‌కి అదే గుర్తు, తెలుసా? మొదటిసారి విన్నా ఎక్కడో విన్నట్టు ఉండాలి!"

ఆ మాట నేనన్న తీరు, మెడ తిప్పిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ రెండు స్వరాలూ భలే ఉన్నాయని పాటలో పెట్టేశాను. వాటి మీద "రండి" అని ఒక్క మాట రాశాను. పాట మగగొంతు, చివరి "రండి" మాత్రం ఆడగొంతు, అదీ ఇంటి లోపలినుంచి పిలిచినట్టు. మా సౌండ్ ఇంజనీరును అందరం మీటలాయన అంటాం. ఆయన రికార్డు చేసి, "అమ్మాయ్, దీన్ని ఇక ఊరు వదలదు," అన్నాడు. యజమాని రెండోసారి వినకుండానే పాడేశాడు. అప్పుడే కేకు కోశారు.

మొదటి ప్రసారం ఉదయం ఎనిమిదీ పదికి. మా ఆయన్ని కుర్చీలో కూలేశాను. అత్తయ్య పక్కకి రేడియో జరిపాను. "అత్తయ్యా, నా పాట! ఒక్క నిమిషం సూది పక్కన పెట్టండి!"

పాట వచ్చింది. *ఇంటికెళ్తూ పట్టుకెళ్ళు...*

అత్తయ్య సూది పక్కన పెట్టింది. లేచింది. చీర సర్దుకుంటూ గబగబా వీధి తలుపు దాకా వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేసింది. వెనక రేడియోలో ఆడగొంతు "రండి" అంది. అత్తయ్య చెయ్యి గొళ్ళెం మీదే ఆగిపోయింది.

"ఎవరొచ్చారత్తయ్యా?"

"ఎవరూ లేరమ్మా. గాలి."

గాలి లేదు. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

స్కూటర్ మీద స్టేషన్‌కి దింపుతూ సగం దారిలో ఆపి చెప్పాడు. మావయ్య బస్సు డ్రైవరు. ఏ డ్యూటీ ఎప్పుడు అవుతుందో తెలిసేది కాదు. తలుపు తడితే పసివాడు, అంటే మా ఆయన, లేచి ఏడుస్తాడని వీధి మలుపులో ఇదే బాణీ ఈల వేసేవాడు. మా గొళ్ళెం అప్పటినుంచీ బిగుతే, తీయడానికి టైము పడుతుంది. ఆయన సైకిలు గోడకి ఆనించేలోపు అత్తయ్య తీసి ఉండాలి. అందుకని లోపలినుంచి అత్తయ్య రెండు స్వరాలు అనేది. వస్తున్నా, విన్నాను అని. మా ఆయన పదో క్లాసులో ఉండగా మావయ్య పోయాడు.

"నేను రోజూ స్నానాల గదిలో అదే అంటున్నానని నాకే తెలీదే," అన్నాడు. "అమ్మ కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు. నీళ్ళ చప్పుడులో సరిగ్గా వినపడదు కదా."

ఈల నేను తీసుకున్నాను. అది చాలక జవాబు కూడా తీసుకున్నాను. తీసుకుని, వేరే ఆవిడ చేత అనిపించాను.

ఒప్పందం ప్రకారం ఆ పాట రోజుకి పద్నాలుగుసార్లు వస్తుంది. మా ఇంట్లో రేడియో కట్టేశాం. పక్కింట్లో ఎవరు కడతారు? ఆదివారం ఇంట్లో ఉండి చూశాను. పాట వచ్చిన ప్రతిసారీ అత్తయ్య మోకాలు ఒకసారి కదిలేది, లేవబోయినట్టు. వెంటనే కూర్చునేది. తర్వాత నావైపు చూసి, నేను చూశానేమోనని నవ్వేది. ఆ నవ్వుకి నేను ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు నాది, మొహమాటం ఆవిడది.

ఆ సాయంత్రం వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తెలియక చేశానత్తయ్యా. ఎవరిదని అడగాల్సింది. అడగలేదు."

అత్తయ్య దారం పంటితో తెంపింది. "అడిగితే ఏమనేదాన్నో నాకూ తెలీదులే," అంది. నన్ను తిట్టలేదు, పర్వాలేదని కూడా అనలేదు.

సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి, పాట ఆపేయాలన్నాను. ఆ బాణీ నాది కాదన్నాను.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఏ సినిమాది? కేసు పడుతుందా?"

"సినిమా కాదండీ. మా మావయ్య ఈల."

అప్పటికే వచ్చి పక్కన కూర్చున్న మిఠాయి కొట్టు యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. మేనేజరు కూడా ఊపిరి వదిలి నవ్వాడు. "ఈలకెవడమ్మా కేసేసేది!"

నేనూ నవ్వాను. అవును, నవ్వాను. ఉద్యోగం చేసేచోట అందరూ నవ్వుతుంటే పెదవులు వాటంతటవే సాగుతాయి. నేను చేసినవాటిలో పాట కన్నా ఈ నవ్వుకే ఎక్కువ సిగ్గుపడతాను.

తర్వాత మొత్తం చెప్పాను. యజమాని నవ్వు ఆపాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చూడమ్మా, మా మనవరాలికి ఇంకా మాటలు రావు, అది కూడా పాడుతోంది. దీన్నెలా ఆపను? నీకు అంత బాధగా ఉంటే ఆ చివర ఆడగొంతు తీసేయించుకో. అందులో మా కొట్టు పేరు లేదుగా."

అదే నాకు దేవుడిచ్చిన వరంలా అనిపించింది. అత్తయ్య జవాబైనా అత్తయ్యకి తిరిగి ఇచ్చేయొచ్చు.

మీటలాయన "రండి"ని కత్తిరించాడు. అతుకు వినపడకుండా వాయిద్యం మోతను కాస్త సాగదీశాడు. విని తల అడ్డంగా ఊపాడు. "సగంలో వదిలేస్తే జనం ఊరుకోరమ్మాయ్."

"పోనీలే బాబాయ్, బాగోకపోతే బాగోకపోనీ."

బాగోకపోవడం గురించి కాదు ఆయన చెప్పింది. అది నాకు తెలియాల్సిన విషయం, నా వృత్తే అది. ముగిసిన పాటను వినేవాడు మరిచిపోతాడు. ముగియని పాటను మనసులో తానే ముగించుకుంటాడు, ముగించేదాకా వదలడు. నేను పాట పీక నొక్కుతున్నాననుకుని దానికి కొత్త ప్రాణం పోశాను.

మూడు రోజుల్లో వీధిలో మొదలైంది. పక్కింటి రేడియోలో పాట వచ్చి మధ్యలో ఆగేది. ఆగగానే ఇస్త్రీ బండి దగ్గర ఒకాయన ఆ రెండు స్వరాలూ అనేవాడు. పై వాటాలో గిన్నెలు కడుగుతున్నావిడ అనేది. బడికెళ్ళే పిల్లలు గుంపుగా అనేవారు. నేను ఒక్క ఆడగొంతు తీసేస్తే ఊరంతా కలిసి దాన్ని పూరించింది.

ఆ శుక్రవారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. తలుపు దగ్గర కూర్చుని అత్తయ్యకి సూదుల్లో దారం ఎక్కిస్తున్నాను. పాట వచ్చింది. పాట ఆగింది. ఇస్త్రీ ఆయన అన్నాడు. పై వాటా ఆవిడ అంది. ఎదురింటి గుమ్మంలోంచి ఇంకెవరో అన్నారు.

అత్తయ్య మోకాలు కదల్లేదు. తల వంచి వింటోంది. ఆఖరి గొంతు కూడా ఆగాక అంది:

"ఒక్క తలుపు తీయించుకోవడానికి నానా అవస్థ పడేవారమ్మా మీ మావయ్య. ఇప్పుడు చూడు, వీధి వీధంతా తీస్తోంది."

నవ్వింది. ఈసారి నావైపు చూసి కాదు, తనలో తానే. నవ్వుతూనే చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"అత్తయ్యా..."

"దారం ఎక్కించు."

ఎక్కించాను. మూడుసార్లు తప్పింది. ఆవిడ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ మాట అడగడం కూడా మళ్ళీ ఏదో ఒకటి ఆవిడ దగ్గరనుంచి తీసుకోవడమే అనిపించి అడగలేదు.

మా ఆయన ఇప్పుడు నిశ్శబ్దంగా స్నానం చేస్తాడు. ఒట్టి నీళ్ళ చప్పుడే వినిపిస్తుంది. గ్లాసులో రెండు బ్రష్షులు అలాగే వాలి ఉంటాయి.

గొళ్ళెం ఇంకా బిగుతుగానే ఉంది. నూనె వేయిద్దామని మా ఆయన అంటే అత్తయ్య వద్దంది. నేను సాయంత్రం స్టేషన్ నుంచి వచ్చి తలుపు కొట్టి నిలబడతాను. వీధిలో ఎవరో ఒకరు ఆ రెండు స్వరాలు అంటూనే ఉంటారు. లోపల అత్తయ్య ఏమీ అనదు. అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. గొళ్ళెం వచ్చేదాకా నేను తల వంచుకుని, చెప్పులు చూసుకుంటూ నిలబడతాను.