నూనె లేని తల

మా ఆయన సోమయ్య కత్తెర పట్టుకుంటే జనగామలో వంక పెట్టేవాడు లేడు. పెళ్ళికి ముందు సికింద్రాబాదులో తెల్లదొరల బంగళాలకు పోయి దొరసానుల జుట్టు కూడా కత్తిరించి వచ్చినవాడు. మా ఊళ్ళో మాత్రం ఆడవాళ్ళ తల ముట్టుకున్నది మొగుడు పోయిన వాళ్ళకు గుండు చేయడానికే. ఆ పని చేసి వచ్చిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. నేను మంత్రసానిని. పురుడు పోయడం, బాలింతలకు ఒళ్ళు రుద్ది తలంటడం నా పని. చేతికి నూనె అంటని రోజు నాకు లేదు. ఈ కథంతా ఆ నూనె దగ్గరే వచ్చింది.

ఊళ్ళల్లో సంఘం, అడవుల్లో దళాలు, రోడ్ల మీద మిలిటరీ ఉన్న సాయుధ పోరాటం రోజులవి. ఒక ఎండాకాలం పొద్దున నీలి అనే పిల్ల మా ఇంటికి వచ్చింది. బచ్చన్నపేట దిక్కు కూలివాళ్ళ పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయి. దళానికి ఉత్తరాలు మోసేది. ఆమె మీద పోలీసులు దండోరా వేయించారు. అందులో పేరుకన్నా ముందు జుట్టు సంగతే చెప్పారు. విషజ్వరం వచ్చి లేచాక ఆ పిల్ల జుట్టు సగం రాలిపోయింది. మిగిలింది దారమంత సన్నం. నడుము దాకా ఉంది గానీ తలకు అతుక్కుపోయి, పాపట పక్కన మాడు తెల్లగా కనబడేది. మర్నాడు పొద్దున రైల్లో మానుకోట చేరి అక్కడి వాళ్ళకు ఒక కబురు అందించాలి. కాజీపేట రైల్వే ఇళ్ళల్లో పిల్లలకు చదువు చెప్పే కిరస్తానీ పంతులమ్మలా పోవాలని పైవాళ్ళు చెప్పారట. ఆ పంతులమ్మలు జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటారు.

"అన్నా, గీ నాలుగు పోచలు కోస్తె ఇంకేం మిగుల్తది?" అంది నీలి.

"పొడుగే నీకు శత్రువు బిడ్డా," అన్నాడు ఆయన. "సన్న జుట్టు పొడుగైతే దాని బరువే దాన్ని కిందికి గుంజుతది. గందుకే మాడుకు అంటుకుంటది. బరువు తీసేస్తె లేస్తది."

నన్ను కుంకుడుకాయతో తల రుద్దమన్నాడు. రుద్దాను. తడి ఆరేదాకా ఆగాడు. తడిసిన జుట్టు సాగి అబద్ధం చెప్తుందని, ఆరాక ఎలా పడుతుందో చూసి కోయాలని ఆయన మాట. ముందు గడ్డం కిందికి ఒకే గీతగా కోశాడు. కొసలన్నీ ఒకే చోట ఆగితే అంచు ఒత్తుగా కనబడుతుందట. తర్వాత నడినెత్తి మీది పాయలను మాత్రం వేళ్ళ మధ్య నిలువుగా పైకెత్తి, కొంచెం కొంచెం తేడాతో మెట్లు మెట్లుగా కత్తిరించాడు.

"కింద గూడ గిట్లనే మెట్లు కొయ్యరాదా, ఇంకా లేస్తది గద?" అన్నాను నేను, అన్నీ తెలిసినదానిలా.

"కోస్తె కొసలు ఎలుక తోకలైతయి. ఉన్నదే జరంత. మీద గూడ మరీ పొట్టిగ కోస్తె మాడు బయటవడ్తది. చూసుకుంట పోవాలె."

మంగలికత్తి అసలు ముట్టలేదు. కత్తి పెడితే సన్న జుట్టు కొస పీచు లేస్తుందన్నాడు. ముందరి పాయ ఒకటి పొట్టిగా కోసి, జ్వరానికి ఖాళీ అయిన కణతల మీదికి దువ్వాడు. చివరికి ఏళ్ళ తరబడి అణిగిన పాపటను చెరిపి అవతలి పక్కకు తీశాడు. అలవాటు లేని దిక్కుకు పడ్డ వెంట్రుకలు కుదుళ్ళ దగ్గర లేచి నిలబడ్డాయి. నీలి అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తల నిండా జుట్టున్న వేరే పిల్ల కూర్చున్నట్టుంది. ఆయన మొహం చూడాలి! ఆడపిల్ల తల ముట్టుకుని మంచి పని చేయడం ఆ ఊళ్ళో ఆయనకు అదే మొదలు.

"తలకు ఏం వెట్టకుండ్రి," అని మాత్రం చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆయన మిలిటరీ వాళ్ళకు గడ్డాలు గీసే పని మీద ముందే స్టేషన్ దిక్కు పోయాడు. నీలి చీర కట్టుకుని గడపలో నిలబడింది. కుంకుడు పోసిన తల పొడిగా చింపిరిగా లేచి ఉంది. నా మనసు ఒప్పలేదు. నూనె లేని తల చావు జరిగిన ఇంటి తల. నా గడప దాటి పోయే పిల్లను, అందులోనూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని పోయే పిల్లను, అలా ఎట్లా పంపను?

"ఇటు గూసో, జర ఆముదం రాస్త."

"అన్న వద్దన్నడు గదా అక్కా."

"మొగోనికేం తెలుసు! ఎండు తలతోని ఎవలన్న పయనమైతరా?"

నీలి నా మొహం చూసింది. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. "నన్ను గన్న అవ్వ సచ్చిపోయినంక నా తలల చెయ్యి వెట్టినోళ్ళు లేరు," అంది. ఆ మాటకు ఇంకో చుక్క ఎక్కువే వంచాను. చిక్కటి ఆముదం, నా చేతితో మాడుకు పట్టించాను. లేచిన వెంట్రుకలు ఒక్కొక్కటీ పడుకోవడం కళ్ళారా చూశాను. ముద్దుగా ఉందనే అనుకున్నాను. ఏం చెప్పను నా తెలివి!

నీలి కొంగు కప్పుకుని పోయింది. పొద్దెక్కాక ఆయన వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"వట్టుకున్నరు. దూరంకెల్లి సూశిన, నడిపిచ్చుకపోతున్నరు. కొంగు తియ్యమన్నరట. వాళ్ళూరోడు ఒకడు పోలీసుల ఎంబడి ఉన్నడు. మాడుకంటుకున్న జుట్టు జూసి గిదే అన్నడట." తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నడినెత్తి మీద ఎక్కువ కోసిన కావచ్చు. నిలవలేదు. నాదే తప్పు."

గూట్లో ఆముదం బుడ్డి ఉంది. నా చేతులకు ఇంకా జిడ్డుంది. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు మూడేళ్ళు జరిగింది. ఆ మూడేళ్ళూ ఆయన గడ్డాలు గీశాడు, గుండ్లు చేశాడు. ఒక్క ఆడపిల్లకు కత్తెర పెట్టలేదు. స్టేషన్ దగ్గర కాపురమున్న రైలు గార్డు భార్య జుట్టు కత్తిరించమని కబురంపినా "నాకు రాదు" అన్నాడు. రాదట! నేను పక్కనే నిలబడి విన్నాను.

పోరాటం ఆగాక ఒక మధ్యాహ్నం నీలి వచ్చింది. జైల్లో ఎడమ చెవి వినపడకుండా కొట్టారు. జుట్టు మళ్ళీ నడుము దాకా పెరిగి మళ్ళీ అలాగే అతుక్కుని ఉంది. "అన్నా, ఎన్కటి లెక్క కొయ్యవా?" అంది.

ఆయన కత్తెర తీసి, తుడిచి, మళ్ళీ కింద పెట్టాడు. అయినా కోశాడు. అదే గీత, అవే మెట్లు, అటు తిప్పిన అదే పాపట. జుట్టు లేచి నిలబడింది. ఆయన దాన్ని అరచేత్తో అణిచాడు, వదిలాడు. మళ్ళీ లేచింది.

"గిట్లనే గద కోసిన అప్పుడు గూడ. మరి ఆనాడు ఎందుకు వడ్డది బిడ్డా?"

నీలి నా దిక్కు చూడనైనా చూడలేదు. "ఎండకు కొంగు కింద చెమట వట్టి అంటుకున్నదన్నా. నీ కత్తెర తప్పేం లేదు," అంది.

ఆయన తల ఊపాడు. మూడేళ్ళ తర్వాత, బరువు దించుకున్నట్టు ఆ భుజాలు సడలడం చూశాను. మొహం దాచుకోవడానికి కాబోలు, కత్తెర కడుగుతానని బావి దగ్గరికి పోయాడు.

నీలి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది, ఆ రోజు కూర్చున్న చోటే.

"ఇయ్యాల వెట్టు అక్కా ఆముదం. ఇయ్యాల నేను యాడికి పొయ్యేది లేదు."

ఆ రోజు తర్వాత నేను ముట్టని ఆ బుడ్డిని గూట్లోంచి చేతిలోకి తీసుకున్నాను. ఎంత గుంజినా మూత రాలేదు.